ఒకే రింగు, సగం కోర్టు: మ్యాన్ టు మ్యాన్ ముందా, జోన్ ముందా?

ప్రశ్న: "సార్, జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేరి ఏడాదైంది. మాకు పనికొచ్చే రింగు ఒక్కటే ఉంది, సగం కోర్టే వాడుకోగలం. 8 నుంచి 10 దాకా పిల్లలు బాల్ ఎటు పోతే అటు గుంపుగా పరిగెడతారు. డిఫెన్స్‌లో ఎక్కడ నిలబడాలో ఎలా నేర్పాలి? ముందు మ్యాన్ టు మ్యాన్ చెప్పాలా, జోన్ చెప్పాలా? జోన్ అయితే తేలిగ్గా గెలవొచ్చని తోటివాళ్లు అంటున్నారు."

సమాధానం:

ముందు మ్యాన్ టు మ్యాన్ చెప్పండి. జోన్‌తో తేలిగ్గా గెలవొచ్చు అన్నమాట కూడా నిజమే, మండల స్థాయి వరకు. నేనూ మొదట్లో అదే చేశాను. ఎత్తుగా ఉన్న ముగ్గుర్ని రింగు కింద, చురుకైన ఇద్దర్ని పైన నిలబెట్టి చేతులెత్తమన్నాను. అవతలి పిల్లలు దూరం నుంచి వేయలేరు, లోపలికి రాలేరు, కాబట్టి గెలిచేశాం. జిల్లా పోటీల్లో ఒక టీం వాళ్లు ఫ్రీ త్రో గీత మధ్యలో ఒక పొడుగాటి కుర్రాణ్ణి నిలబెట్టి బాల్ అతనికి అందించడం మొదలుపెట్టారు. నా ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతణ్ణి ఎవరు పట్టుకోవాలో వాళ్లకి తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. చోటు చూపించాను గానీ, బాల్ కదిలితే ఆ చోటు ఎందుకు మారుతుందో నేర్పలేదు.

రెండు పద్ధతుల్నీ వేరువేరు పాఠాలుగా చెప్పొద్దు. ఒకే ఆటలో ముందు ఒకటి, తర్వాత రెండోది ఆడించి, పిల్లల పాదాలు ఎక్కడున్నాయో వాళ్లకే చూపించండి. అందుకు సగం కోర్టు, నలుగురి మీద నలుగురు చాలు. ఐదుగురు అక్కర్లేదు. నలుగురైతే పిల్లలకి ఖాళీ జాగా కంటికి కనిపిస్తుంది, తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. ఐదోవాడు చేరితే తప్పంతా గుంపులో కలిసిపోతుంది.

కోర్టు తయారీకి ఒక్క గీత అదనంగా కావాలి. రింగు కింద బేస్‌లైన్ మధ్య నుంచి ఫ్రీ త్రో గీత మధ్యగా సెంటర్ సర్కిల్ దాకా సుద్దతో నిలువు గీత గీయండి. మట్టి కోర్టయితే ముగ్గుపిండి. మేం దాన్ని నడిగీత అంటాం. ఈ సమాధానంలో కుడి, ఎడమ అంటే సెంటర్ వైపు నుంచి రింగుకి ఎదురుగా నిలబడి చూసినప్పటి కుడి, ఎడమ.

ఎటాక్ చేసే నలుగుర్ని ఇలా పెట్టండి: ఇద్దరు పైన, మూడు పాయింట్ల గీత బయట, నడిగీతకి చెరోవైపు. మిగతా ఇద్దరు కుడి మూల, ఎడమ మూల. ఒక్కొక్కరికీ ఒక్కో డిఫెండర్. మొదటి ఐదు నిమిషాలు డ్రిబుల్ లేదు, షాట్ లేదు, పాస్ మాత్రమే. ప్రతి పాస్ తర్వాత ఎటాకర్ బాల్‌ని రెండు సెకన్లు పట్టుకుని ఉండాలి. డిఫెన్స్ వాళ్ల పని ఒక్కటే, ప్రతి పాస్‌కీ చోటు మార్చుకోవడం.

బాల్ కుడి మూలకి వెళ్లిందనుకోండి. ఆ మూలవాడి డిఫెండర్ బాల్‌కీ రింగుకీ మధ్య, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉండాలి. కుడి పైన ఉన్నవాడు బాల్‌కి ఒక్క పాస్ దూరం. అతని డిఫెండర్ తన ప్లేయర్‌ని విడవకుండా ఒక అడుగు బాల్ వైపు జరిగి, పాస్ వచ్చే దారిలో చెయ్యి పెట్టాలి. ఎడమ వైపు ఇద్దరూ రెండు పాస్‌ల దూరం. ఎడమ పైన ఉన్నవాడి డిఫెండర్ ఫ్రీ త్రో గీత దగ్గర నడిగీత మీద ఒక పాదం పెట్టాలి. ఎడమ మూలవాడి డిఫెండర్ రింగు ముందుకి, నడిగీత మీదికే రావాలి.

ఇక్కడే పిల్లలు ఒప్పుకోరు. "సార్, నా ప్లేయర్‌ని వదిలేస్తే వాడికి పాస్ ఇస్తారు కదా" అంటారు. మాటలతో వాదించకుండా కొలిచి చూపించండి. ఈ మూల నుంచి ఆ మూలకి 13 మీటర్ల పైనే ఉంటుంది. 8వ తరగతి పిల్లవాడు అంత దూరం విసిరితే బాల్ పైకి లేచి వంపు తిరిగి దిగుతుంది. నడిగీత మీద ఉన్న డిఫెండర్ పరిగెత్తాల్సింది అందులో సగం, ఆరున్నర మీటర్లు. నిజంగానే పాస్ వేయించి, డిఫెండర్‌ని పరిగెత్తించండి. బాల్ చేతి నుంచి వదిలిన క్షణంలో బయల్దేరినవాడు అందుకుంటాడు. అవతలివాడు పట్టుకున్నాక బయల్దేరినవాడు అందుకోలేడు. రెండూ ఒకసారి చేయిస్తే, ఎక్కడ నిలబడాలన్నదే కాదు, ఎప్పుడు కదలాలన్నది కూడా అర్థమవుతుంది. బాల్ గాల్లో ఉన్నప్పుడే కదలాలి.

పరిగెత్తి వెళ్లి ఆగే విషయంలో ఒక జాగ్రత్త. మూడింట రెండొంతుల దూరం గట్టిగా పరిగెత్తి, మిగతాది చిన్న చిన్న అడుగులతో, నడుం దించి, ఒక చెయ్యి పైకెత్తి చేరాలి. లేకపోతే ఎటాకర్ పక్క నుంచి సులువుగా దాటేస్తాడు. సిమెంట్ కోర్టు మీద ఇసుక ఉంటే ఈ ఆగడంలోనే జారి పడతారు. పీరియడ్‌కి ముందు ఊడిపించండి.

ఇప్పుడు విజిల్. పాస్‌ల మధ్యలో ఉన్నట్టుండి ఊదితే అందరూ ఉన్నచోటే బిగుసుకుపోవాలి. అప్పుడు ప్రతి డిఫెండర్ ఒక చేత్తో బాల్‌నీ, రెండో చేత్తో తన ప్లేయర్‌నీ చూపించాలి. మెడ తిప్పకూడదు. నియమం ఇంతే. పోయిన ఏడాది 9వ తరగతి అమ్మాయి ఒకతె ఎడమ మూల డిఫెండర్‌గా సరిగ్గా నడిగీత మీదే నిలబడింది. చూడ్డానికి అంతా బాగుంది. విజిల్ ఊదాను.

"బాల్ ఎక్కడమ్మా?"

"అక్కడ సార్." వెంటనే చూపించింది.

"నీ ప్లేయర్?"

తల వెనక్కి తిప్పబోయి ఆగింది. నవ్వేసింది. ఆమె ప్లేయర్ మూలలో లేదు. బేస్‌లైన్ వెంట ఆమె వీపు వెనకగా వచ్చి రింగు కింద చేతులు చాపి నిలబడి ఉంది. పాదాలు సరైన చోటే ఉన్నా, ఛాతీ పూర్తిగా బాల్ వైపు తిరిగి ఉంది. ఒక పాదాన్ని అరడుగు వెనక్కి లాగి, వీపు బేస్‌లైన్ వైపు ఉండేలా ఒళ్లు కొంచెం తిప్పమన్నాను. ఇద్దరూ కంటి చివర్లలో కనిపించారు. హైస్కూలు పిల్లల్లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. దూరం తప్పు కాదు, తిరిగి ఉన్న దిక్కు తప్పు. గట్టుమీద నిలబడి చూసే మాస్టారికి ఇది అస్సలు కనిపించదు, చేతులతో చూపించమంటేనే బయటపడుతుంది.

పాస్‌లకి పాదాలు కదులుతున్నాయనిపించాక డ్రిబుల్ వదలండి. కుడి మూలవాడికి బాల్ ఇచ్చి, బేస్‌లైన్ వెంట డిఫెండర్‌ని దాటి లోపలికి దూసుకుపొమ్మని చెప్పండి. డిఫెండర్‌కి మొదటి రెండుసార్లు కావాలనే దాటనివ్వమని చెవిలో చెప్పండి. రింగు ముందున్న ఎడమ మూల డిఫెండర్ అడ్డం వెళ్లాలి. కీ లోపల కాదు, కీ గీత బయటే ఆపాలి. అప్పుడు ఎడమ మూలవాడు ఖాళీ. పైనుంచి, ఫ్రీ త్రో గీత దగ్గరున్న డిఫెండర్ కిందికి దిగి, ఎడమ పైవాడికీ ఎడమ మూలవాడికీ మధ్యలో నిలబడి ఇద్దరినీ కాసేపు ఒక్కడే కాయాలి. దాటించుకున్న మొదటి డిఫెండర్ చేతులు దులుపుకోకుండా రింగు వైపే పరిగెత్తి, ఖాళీగా మిగిలినవాణ్ణి వెతుక్కోవాలి.

ఇందులో రెండు చోట్ల తెగిపోతుంది. ఒకటి, అడ్డం వెళ్లేవాడు ఆలస్యంగా వెళ్లి కీ లోపల తగులుకుని ఫౌల్ చేస్తాడు. రెండోది, దాటించుకున్నవాడు నిలబడిపోయి చూస్తాడు. మొదటి దానికి మూలం పాదాల్లో ఉంది, వాడు నడిగీత దాకా రాలేదన్నమాట. రెండోదానికి నేను పెట్టుకున్న మందు ఏమిటంటే, దాటించుకున్నాక మూడు అడుగులైనా రింగు వైపు పరిగెత్తకపోతే ఎటాక్‌కి ఒక పాయింట్. గోల్ పడినా పడకపోయినా సరే.

అసలు ఆట ఇలా ఆడించండి. పన్నెండు సెకన్లలో షాట్ వెయ్యాలి (3x3 బాస్కెట్‌బాల్లో కూడా షాట్ క్లాక్ అంతే), మీరే గట్టిగా లెక్కపెట్టండి. మామూలు గోల్‌కి 1 పాయింట్, కీ లోపల బాల్ పట్టుకున్నా 1 పాయింట్, అక్కణ్ణుంచి గోల్ పడితే ఇంకో పాయింట్. డిఫెన్స్ వరసగా మూడుసార్లు ఆపితేనే ఎటాక్‌కి మారుతుంది. మా పిల్లలు బాల్ కోసం చచ్చిపోతారు కాబట్టి డిఫెన్స్ నుంచి బయటపడాలంటే డిఫెన్స్ బాగా చెయ్యక తప్పదు. కీ లోపల పట్టుకుంటే పాయింట్ అనే నియమం ముఖ్యం. అది లేకపోతే పిల్లలు షాట్ పడలేదు కదా అని తప్పును మర్చిపోతారు. హైస్కూల్లో షాట్లు ఎలాగూ ఎక్కువ పడవు, స్కోరు చూసి డిఫెన్స్ బాగుందనుకుంటే మనం మోసపోయినట్టే.

మీకు రింగు ఒక్కటే అన్నారు. మిగతా పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఖాళీ స్థలంలో ఒకటిన్నర మీటర్ల చదరపు డబ్బా గీసి, దాన్నే రింగు అనుకోమనండి. ఎటాక్ వాళ్లు డబ్బాలో బాల్ పట్టుకుంటే పాయింట్. డిఫెన్స్ వాళ్లు డబ్బాలో కాలు పెట్టకూడదు, బయటే ఆపాలి. నిలబడే చోటు నేర్పడానికి షాట్ అక్కర్లేదు. వాలీబాల్ అయినా ఫుట్‌బాల్ అయినా చేత్తో పాస్ చేసుకోవడానికి సరిపోతుంది.

ఇక జోన్. నేనైతే 8వ తరగతికి మ్యాచ్‌ల్లో జోన్ ఆడించను. 9కి చూపిస్తాను, 10కి వాడనిస్తాను. ఇది నా పద్ధతి, అందరూ ఒప్పుకోరు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల చిన్న వయసు టోర్నీల్లో జోన్‌ని నియమాల్లోనే నిషేధించారు, కారణం దాదాపు ఇదే: షాట్ దూరం రాని పిల్లల మీద జోన్ వేస్తే గెలుపు వస్తుంది గానీ రెండు వైపులా ఎవరికీ ఆట రాదు.

చూపించే పద్ధతి చెప్తాను. అదే నలుగురు, అదే నలుగురి మీద. మొదట మ్యాన్ టు మ్యాన్‌లో బాల్‌ని కుడి మూలకి పంపి విజిల్ ఊది, డిఫెండర్ల పాదాల చుట్టూ తెల్ల సుద్దతో గీయండి. తర్వాత డిఫెన్స్‌ని పైన ఇద్దరు, కింద ఇద్దరు చొప్పున ఒక డబ్బాలా పేర్చి, ఒక్కొక్కరికీ సగం కోర్టులో నాలుగో వంతు అప్పగించండి. ఇది జోన్. ఇందులో ప్లేయర్ లేడు, జాగా ఉంది. కానీ బాల్ వెళ్లినవైపు డబ్బా మొత్తం జరగాలి. మళ్లీ బాల్‌ని కుడి మూలకి పంపండి. కుడి కిందివాడు బాల్ మీదికి వెళ్తాడు. ఎడమ కిందివాడు రింగు ముందుకి వస్తాడు. ఎడమ పైవాడు ఫ్రీ త్రో గీత మధ్యకి వస్తాడు. కుడి పైవాడు కాస్త కిందికి దిగి కీ మూలకి చేరతాడు. విజిల్. ఈసారి ఎర్ర ఇటుక ముక్కతో పాదాల చుట్టూ గీయండి.

ఇప్పుడు అందర్నీ బయటికి పిలిచి నేల చూడమనండి. ఎడమ వైపు ఇద్దరి తెల్ల గీతలూ ఎర్ర గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. బాల్ దగ్గరివాడిదీ అంతే. తేడా ఉన్నది ఒక్క కుడి పైవాడికే: తెల్లది పైన తన ప్లేయర్‌ దగ్గర, ఎర్రది కింద కీ దగ్గర. మా పిల్లలు దీన్ని చూసి "అయితే రెండూ ఒకటేనా సార్?" అన్నారు. ఎటాక్ వాళ్లు చెట్లలా నిలబడి ఉన్నంతసేపూ దాదాపు ఒకటే. వాళ్లు కదిలితే విడిపోతాయి. ఆ మాట మీరు చెప్పకుండా, తర్వాతి ఆటలో వాళ్లనే కనుక్కోనివ్వండి.

ఎడమ పైన ఉన్న ఎటాకర్‌ని కీ మధ్యగా కోసుకుంటూ కుడి వైపు రింగు పక్కకి పరిగెత్తమనండి. మ్యాన్ టు మ్యాన్‌లో అతని డిఫెండర్ వెంటే వెళ్తాడు, బాల్‌కీ అతనికీ మధ్య భుజం పెట్టుకుంటూ. ఎడమ పైన ఖాళీ అయినా పర్వాలేదు, అక్కడ ప్లేయర్ లేడు. జోన్‌లో డిఫెండర్ తన జాగా హద్దు దాకే వెళ్లి, "వస్తున్నాడు" అని అరిచి, పక్కవాడికి అప్పగించి వెనక్కి వస్తాడు. ఈ అప్పగింతలోనే జోన్ బతుకుతుంది లేదా చస్తుంది. మొదటివాడు వదిలేస్తాడు, రెండోవాడు ఇంకా చూడలేదు. ఆ సందులో కట్ చేసినవాడు రింగు కింద ఒంటరిగా దొరుకుతాడు. అందుకే మా దగ్గర కట్టుబాటు ఏమిటంటే, పక్కవాడు "తీసుకున్నా" అనేదాకా వదలకూడదు. మొదటి వారం పిల్లలకి నోరు పెగలదు. మాట వినపడని ప్రతి అప్పగింతకీ ఎటాక్‌కి ఒక పాయింట్ ఇస్తే రెండో వారానికి గ్రౌండ్ అంతా అరుపులే.

తర్వాత ఎటాక్ వాళ్లని పక్కకి పిలిచి ఒకే మాట చెప్పండి: "మీరు ఎక్కడైనా నిలబడొచ్చు. వాళ్లు ఎవరికీ అప్పగించని చోటు వెతకండి." ఐదు నిమిషాల్లో ఎవడో ఒకడు ఫ్రీ త్రో గీత మధ్యకి వచ్చి నిలబడతాడు. డబ్బాకి నడిమధ్య అది, నలుగురికీ హద్దు. నా టీం ఓడిన చోటు కూడా అదే. ఐదుగురితో 2-3 జోన్ ఆడినా ఆ చోటు బలహీనమే, ఎందుకంటే పైనున్న ఇద్దరూ బాల్ కోసం బయటికి వెళ్తే వాళ్ల వెనక పడుతుంది. ఎవరు తీసుకోవాలన్నది ముందే తేల్చుకోవాలి. బాల్ పైన ఉంటే, పై ఇద్దరిలో బాల్ దగ్గర లేనివాడు వెనక్కి దిగి కాయాలి. బాల్ మూలకి వెళ్తే, ఐదుగురి ఆటలో కింది మధ్యవాడు రింగు వదలకూడదు కాబట్టి అప్పుడు కూడా పైవాడే దిగాలి. వేరేలా నేర్పేవాళ్లూ ఉన్నారు. మీరు ఏదైనా ఒకటే ఎంచుకుని ఏడాది పొడవునా అదే ఉంచండి.

ఎటాక్ వాళ్లు కనుక్కునే రెండోది, ఒకేవైపు కిక్కిరియడం. కుడి మూలలో ఒకడు, రింగు పక్కన ఒకడు ఉంటే, కుడి కిందివాడు ఒక్కడే ఇద్దర్ని కాయాలి. ఎడమ కిందివాడు సాయం వస్తే ఎడమ మూల పూర్తిగా ఖాళీ. అక్కడికి పొడవాటి పాస్ వేసి షాట్ వేయగల టీం ఎదురైతే జోన్ నిలవదు. మండల స్థాయిలో అలాంటి పాస్ సరిగ్గా వేసేవాళ్లు అరుదు, జిల్లా స్థాయిలో కనిపిస్తారు. జోన్ ఎంచుకోవడమంటే ఏ షాట్‌ని అవతలివాళ్లకి వదిలేస్తున్నామో ఎంచుకోవడం అని 10వ తరగతి పిల్లలకి ఈ సందర్భంలో చెప్తే బాగా ఎక్కుతుంది.

పిల్లలు ఎన్‌బీఏ వీడియోలు చూసి "డిఫెండర్ మూడు సెకన్ల కంటే కీ లో ఉండకూడదు కదా సార్" అని అడుగుతారు. అది ఎన్‌బీఏ నియమం, 2001-02 సీజన్‌లో జోన్‌ని అనుమతించినప్పుడు పెట్టారు. మన స్కూలు పోటీలు ఆడేది ఫిబా నియమాలతో. అందులో మూడు సెకన్లు ఎటాకర్‌కే, డిఫెండర్‌కి లేదు. అందుకే మన దగ్గర పొడుగువాణ్ణి రింగు కింద పాతేయడం కుదురుతోంది.

చివరగా రీబౌండ్. జోన్‌కి అలవాటుపడ్డ పిల్లలు షాట్ పైకి లేవగానే అందరూ తల పైకెత్తి రింగునే చూస్తారు. మ్యాన్ టు మ్యాన్‌లో నా ప్లేయర్ అంటూ ఒకడు ఉంటాడు, వెనక్కి తిరిగి వాడికి వీపు ఆనిస్తే చాలు. జోన్‌లో అలాంటివాడు లేడు. షాట్ లేచిన క్షణంలో తన జాగాలో ఉన్న దగ్గరివాణ్ణి చేత్తో తాకి, వాడికి వీపు ఆనించాకే పైకి చూడాలి. ఆటలో ఎటాక్ వాళ్లు రీబౌండ్ తీసుకుంటే 2 పాయింట్లు పెట్టండి. పది ఆటల్లో ఎటాక్ రీబౌండ్లు ఎన్నో, కీ లోపల పట్టుకున్నవి ఎన్నో ఒక పిల్లవాడితో కాగితం మీద గీతలు పెట్టించండి. మ్యాన్‌లో పది, జోన్‌లో పది. ఏ తరగతిలో ఏది ముందు కుదురుతోందో ఆ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది. రెండు వారాలు ఆడించాక ఆ లెక్కలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.